ఏడుగురిలో నలుగురా, ఐదుగురికి ఐదుగురా?

న్యాయశాస్త్ర విద్యార్థిని తికమకపెట్టే ప్రశ్న ఇది. ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 4–3 మెజారిటీతో ఒక తీర్పిచ్చింది. ఐదుగురి ధర్మాసనం ఏకగ్రీవంగా దానికి విరుద్ధంగా చెప్పింది. ఏది చెల్లుతుంది? తలలు లెక్కపెడితే ఐదుగురిదే పైచేయి అనిపిస్తుంది. కానీ మెజారిటీలో ఎందరున్నా, పెద్ద ధర్మాసనం తీర్పే నిలుస్తుందని 2022లో త్రిమూర్తి ఫ్రాగ్రెన్సెస్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అంటే, ఏడుగురిదే.

అయితే ఆ తీర్పులో ప్రతి వాక్యానికీ కట్టుబడనక్కర్లేదు. కేసు తేలడానికి ఆధారమైన న్యాయసూత్రమే రేషియో. సందర్భవశాత్తూ అన్న మాటలు ఆబిటర్. వాటిని తీసేసినా ఫలితం మారదు. పెద్ద ధర్మాసనం రేషియో తప్పనిపించినా చిన్న ధర్మాసనం దాన్ని తోసిపుచ్చకూడదు, ప్రధాన న్యాయమూర్తికి నివేదించాలి. అందుకే జవాబులో ముందు రేషియోను విడదీయండి, తర్వాతే ధర్మాసనాలను పోల్చండి.