ఎవరూ కొనని ప్లాన్ ఎందుకు పెడతారు?

లండన్ నుంచి వెలువడే ‘ది ఎకనామిస్ట్’ ఒకప్పుడు తన చందాలను ఇలా ప్రకటించింది. ఇంటర్నెట్‌లో మాత్రమే చదువుకుంటే ఏడాదికి 59 డాలర్లు. అచ్చు పత్రిక మాత్రమే కావాలంటే 125. రెండూ కావాలన్నా అదే 125. మధ్యలోది ఎవరు తీసుకుంటారు? ఎవరూ తీసుకోరు. అయినా దానికి అక్కడ పని ఉంది.

డాన్ ఏరియలీ అనే ఆచార్యుడు ఈ ప్రకటనను అమెరికాలోని ఎంఐటీలో 100 మంది విద్యార్థులకు చూపించారు. 16 మంది 59 డాలర్లది, 84 మంది రెండూ కలిసినది ఎంచుకున్నారు. మధ్యదాన్ని ఎవరూ ముట్టుకోలేదు. దాన్ని తీసేసి అడిగితే లెక్క తిరగబడింది: 68 మంది చవకైనదానికి మళ్లారు, రెండూ కలిసినది 32 మందికే కావాల్సి వచ్చింది. పక్కన అదే ధరకు తక్కువ ఇచ్చే ప్లాన్ కనబడితే, ఎక్కువ ఇచ్చేది లాభంగా తోస్తుందన్నమాట. ఇలాంటి ఎర ప్లాన్‌నే డెకాయ్ అంటారు. ఆ విద్యార్థులెవరూ నిజంగా డబ్బు కట్టలేదు కాబట్టి, ప్రతిచోటా ఫలితం ఇంత పెద్దగా ఉంటుందనుకోకూడదు. వస్తువును కళ్లతో చూసి ఎంచుకునేచోట ఈ ప్రభావం బాగా తగ్గిపోతుందని 2014లో వచ్చిన పరిశోధన చెప్పింది. అంకెల పట్టికలో పోల్చుకునేచోటే దానికి బలం. చందా పేజీ అంటే అంకెల పట్టికే కదా!

ఆ ప్రకటనలో అబద్ధమేమీ లేదు. అయినా నాకది సమ్మతం కాదు. తొందరలో ఎవరైనా మధ్యదాన్ని నొక్కితే నష్టపోవడం తప్ప వారికి దక్కేది లేదు. పేజీలో ఉన్న ప్రతి ప్లానూ ఎవరో ఒకరికి నిజంగా మేలైనది అయి ఉండాలి. ఎర నిజాయితీకి నేను పెట్టే పరీక్ష ఇదే.

ఒక తెలుగు ఆడియో కథల యాప్ ఉందనుకుందాం. నెలకు 99 రూపాయలు, ఏడాదికి 799. నలుగురు వినే కుటుంబ ప్లాన్ ఏడాదికి 1,199. దాన్ని అమ్మాలని ఇద్దరి ప్లాన్ ఒకటి తెచ్చి 1,199కే పెడితే అది ఉత్త ఎర. అదే 999కి పెడితే భార్యాభర్తలిద్దరే ఉన్న ఇంటికి 200 మిగులుతుంది. ఇంకో 200 వేస్తే మరో ఇద్దరు వినొచ్చన్న పోలిక అప్పుడూ కనిపిస్తుంది, పిల్లలున్న ఇల్లు అటు మొగ్గుతుంది. పోలిక పనిచేసింది, ఎవరూ మోసపోలేదు.

ధరల పోలికలో చిక్కు ఇంకా లోతుగా ఉంటుంది. ముందు చూసిన అంకె తర్వాతి అంకెను కొలిచే కొలత అవుతుంది. దీన్నే యాంకరింగ్ అంటారు. పట్టుచీరల కొట్టులో ముందు ఖరీదైనది పరిచి చూపించడం ఇందుకే. మన యాప్ ‘1,188’ని కొట్టేసి పక్కన ‘799’ వేస్తుంది. నెలకు 99 చొప్పున 12 నెలలకు 1,188, లెక్క సరిగ్గానే ఉంది. కానీ నెలవారీ చందాదారుల్లో ఎక్కువమంది నాలుగో నెలలోనే మానేస్తుంటే, వారు కట్టేది 396 మాత్రమే. అలాంటివారికి 799 అంటే ఆదా కాదు, రెట్టింపు ఖర్చు. 1,188 అన్నది వారు ఎన్నడూ కట్టని ధర.

అందుకే కొట్టేసిన అంకె కన్నా ఒక వాక్యం మేలు: ‘తొమ్మిది నెలలు, అంతకు మించి వింటే ఏడాది ప్లాన్ లాభం’. ఎనిమిది నెలలకు 792 అవుతుంది, తొమ్మిదో నెలతో 799 దాటుతుంది. ‘నెలకు 67 రూపాయలే’ అని రాయదలిస్తే, ఒకేసారి 799 కట్టాలన్న మాట అంతే పెద్ద అక్షరాల్లో పక్కనే ఉండాలి. ఇక ఎవరికీ ఎప్పుడూ అమ్మని 1,999ని ‘అసలు ధర’ అని కొట్టేసి చూపడం పోలిక కాదు, పచ్చి అబద్ధం.

చట్టం ఇక్కడ కొంతదూరమే వస్తుంది. మన దేశంలో 2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ తెచ్చిన మార్గదర్శకాలు 13 మాయోపాయాలను నిషేధించాయి. చందా రద్దు చేసుకోవడాన్ని కష్టతరం చేయడం, మొదట ధర దాచి చివర్లో పెంచడం వాటిలో ఉన్నాయి. ఎర ప్లాన్ మాత్రం ఆ జాబితాలో లేదు. ఆ గీత పేజీ తయారుచేసేవారే గీసుకోవాలి.

గీత దాటామో లేదో అమ్మకాల లెక్కలో తెలియదు. ఎర పెట్టిన మర్నాడే అమ్మకాలు పెరగవచ్చు, దానికి అందరూ సంతోషించవచ్చు. చూడాల్సింది మూడు నెలల తర్వాత. కుటుంబ ప్లాన్ కొన్న ఇళ్లలో ఒక్కరే వింటున్నారంటే, వారికి అక్కర్లేనిది అంటగట్టినట్టే. వారికి చిన్న ప్లాన్‌కు మారమని సందేశం పంపి, మిగిలిన సొమ్ము వెనక్కివ్వాలి. కొందరికి ఎర ఉన్న పేజీ, కొందరికి లేని పేజీ చూపి పరీక్షించేటప్పుడూ అంతే. మొదటిరోజు కొనుగోళ్లను కాదు, ఏడాది గడిచాక రెండు వర్గాల్లో ఎంతమంది చందా మళ్లీ కట్టారో పోల్చాలి. ఎర చూసి కొన్నవారే ఎక్కువగా మానేసి ఉంటే, ఆ పేజీని మార్చాల్సిందే.