వెళ్లిపోతే వెనక్కి కట్టాలా? రిటెన్షన్ బోనస్ లెటర్ చదవడం ఎలా?

జనవరిలో ఒక ఆదివారం మా మేనకోడలు ఫోన్‌లో ఒక లెటర్ తెరిచి నా చేతికిచ్చింది. నానక్‌రామ్‌గూడలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తుంది. "మామయ్యా, ఆరు లక్షలు బోనస్ ఇస్తారట. రేపు సాయంత్రంలోగా సంతకం పెట్టమన్నారు. ఏమైనా మెలిక ఉందేమో చూడవా?" అంది.

జీతాల విభాగంలో పాతికేళ్లు పనిచేసినవాణ్ణి. ఇలాంటి లెటర్లు తయారుచేశాను, వాటిమీద డబ్బు వసూలు కూడా చేశాను. మెలిక అని ప్రత్యేకంగా ఏమీ ఉండదు, అన్నీ పైకే రాసి ఉంటాయి. చదివే వరస తెలియాలి, అంతే. ఆ రోజు ఆమె అడిగినవీ నేను చెప్పినవీ ఇక్కడ రాస్తున్నాను.

ఊరికే అడగకుండా ఆరు లక్షలు ఎందుకిస్తున్నారు?

వాళ్ల క్లయింటు పాత సిస్టమ్‌ను తీసేసి కొత్తదానికి మారుతున్నాడు. 2027 ఆగస్టుకల్లా పని పూర్తి కావాలి. ఆ పాత సిస్టమ్ లోపలి సంగతులు క్షుణ్ణంగా తెలిసినవాళ్లు టీమ్‌లో ముగ్గురే ఉన్నారు, వాళ్లలో ఈమె ఒకతి. మధ్యలో పేపర్ వేస్తే కొత్తగా వచ్చినవాళ్లకు ఆ పని పట్టుబడటానికే నెలలు పడుతుంది. రెండు కంపెనీలు కలిసినప్పుడు, ఒక ఆఫీసు మూసేస్తున్నప్పుడు కూడా ఇలాంటి లెటర్లే వస్తాయి. అంటే ఇది చేసిన పనికి మెచ్చుకుని ఇచ్చేది కాదు. ఫలానా తేదీ దాకా ఉండమని ఇచ్చే డబ్బు. కాబట్టి లెటర్లో మొదట చూడాల్సింది ఆ తేదీ, మొత్తం ఆ తర్వాత.

ఆమె లెటర్ సారాంశం ఇది. ఆరు లక్షలు 2026 ఫిబ్రవరి జీతంతో ఇస్తారు. మార్చి 1 నుంచి 2027 ఆగస్టు 31 దాకా, అంటే 18 నెలలు, ఉద్యోగంలో ఉండాలి. ఆలోపు మానేస్తే ఆరు లక్షలూ తిరిగి కట్టాలి.

"డబ్బు ఫిబ్రవరిలోనే వచ్చేస్తే అది నాదే కదా మామయ్యా?" అంది.

కాదమ్మా. డబ్బు అకౌంటులో పడటం వేరు, దానిమీద నీకు హక్కు రావడం వేరు. ఆ హక్కు రావడాన్నే వెస్టింగ్ అంటారు. నీ లెటర్ ప్రకారం ఆగస్టు 31 దాకా ఒక్క రూపాయి మీద కూడా నీకు పూర్తి హక్కు లేదు. ఆ రోజు గడిస్తే మొత్తం ఒకేసారి నీదవుతుంది. ఆగస్టు 30న వెళ్లినా, నెల తిరక్కుండానే వెళ్లినా కట్టాల్సింది ఒకటే. దీనికి బదులు నెలల లెక్కన హక్కు ఏర్పడేలా రాయించుకోవచ్చు. దాన్ని ప్రో-రేటా అంటారు. ఉన్న ప్రతి నెలకూ పద్దెనిమిదో వంతు, అంటే 33,333 రూపాయలు, నీదవుతూ పోతుంది.

తేడా ఎంతో కాగితం మీద వేసి చూపించాను. 15 నెలలు పనిచేసి 2027 మే 31న మానేసిందనుకుందాం. లెటర్ ఉన్నదున్నట్టుగా ఉంటే ఆరు లక్షలు కట్టాలి. ప్రో-రేటా అయితే మిగిలిన మూడు నెలలకు లక్ష రూపాయలు చాలు.

మరి చేతికి వచ్చేది తక్కువ కదా, తిరిగి ఎంత కట్టాలి?

ఈ ప్రశ్న ఆమె అడగలేదు. అడిగేవాళ్లను నేను చాలా తక్కువమందిని చూశాను. ఆ లెటర్లో అన్నిటికన్నా ఖరీదైన వాక్యం మాత్రం ఇక్కడే ఉంది: "పన్నుకు ముందున్న మొత్తాన్ని తిరిగి చెల్లించాలి."

బోనస్ అంటే జీతమే. కంపెనీ దానిమీద టీడీఎస్ కోసుకునే ఇస్తుంది. ఆమె ఆదాయం బోనస్ లేకుండానే 24 లక్షలు దాటింది. కొత్త పన్ను విధానంలో ఆపైన 30 శాతం, ఆ పన్ను మీద 4 శాతం సెస్, కలిపి 31.2 శాతం. ఆరు లక్షల్లో 1,87,200 పన్నుకు పోతుంది. చేతికి వచ్చేది 4,12,800. పదిహేనో నెలలో మానేస్తే కట్టాల్సింది మాత్రం ఆరు లక్షలు. తాను కళ్లచూడని 1,87,200 రూపాయలు సొంత పొదుపులోంచి తీసి ఇవ్వాలన్నమాట.

ఆ పన్ను ప్రభుత్వం దగ్గరే ఉంది కదా, తెచ్చుకోవచ్చు కదా అనిపిస్తుంది. బోనస్ వచ్చిన ఆర్థిక సంవత్సరంలోనే, అంటే మార్చి 31లోపే, తిరిగి కట్టేస్తే పని సులువు. కంపెనీ ఆ ఏడాది జీతం లెక్కలోంచి దాన్ని తీసేసి టీడీఎస్ సరిచేయగలదు. ఈమె డబ్బు తీసుకునేది 2025-26లో. 2027 మేలో కడితే అది 2027-28 అవుతుంది. పాత ఏడాది ఫారం 16 ఎప్పుడో వచ్చేసి ఉంటుంది, రిటర్న్ సవరించుకునే గడువూ దాటిపోయి ఉంటుంది. ఆ పన్ను కోసం ఆదాయపు పన్ను శాఖతో విడిగా పోరాడాలి. డబ్బు తిరిగి వస్తుందన్న భరోసా లేదు. అందుకే "చేతికి అందిన మొత్తం మేరకే తిరిగి చెల్లించాలి" అని రాయించుకోవడం మేలు. ప్రో-రేటా కూడా తోడైతే, పై లెక్కలో ఆమె కట్టేది లక్ష కూడా కాదు, 68,800.

మరో మాట. ఇలాంటి వసూలు మీద కొన్నిచోట్ల 18 శాతం జీఎస్‌టీ కలిపి అడుగుతారు. నోటీసు పే, బాండ్ సొమ్ము వసూళ్లు సేవ కిందికి రావని, వాటిమీద జీఎస్‌టీ లేదని పరోక్ష పన్నుల బోర్డు 2022 ఆగస్టు 3న ఇచ్చిన 178వ సర్క్యులర్ చెబుతోంది. బోనస్ వాపసుకూ అదే తర్కం. ఎవరైనా అడిగితే ఆ సర్క్యులర్ చూపించండి.

"మానేయడం" అంటే ఏ రోజు?

పేపర్ వేసిన రోజా, చివరి పనిదినమా? ఆమె లెటర్లో "31 ఆగస్టు 2027న ఉద్యోగంలో ఉండాలి, నోటీసు పీరియడ్‌లో ఉండకూడదు" అని ఉంది. వాళ్ల నోటీసు 90 రోజులు. సెప్టెంబర్ మొదట్లో కొత్త ఉద్యోగంలో చేరాలంటే జూన్ మొదట్లోనే పేపర్ వేయాలి. వేసిందా, ఆగస్టు 31 నాటికి నోటీసులో ఉన్నట్టే, బోనస్ పోయినట్టే. బోనస్ దక్కాలంటే సెప్టెంబర్ 1న పేపర్ వేసి నవంబర్ చివరిదాకా ఉండాలి. పద్దెనిమిది నెలల ఒప్పందం ఆ ఒక్క మాటతో ఇరవై ఒక్క నెలలవుతుంది. కంపెనీకి నిజంగా ఇరవై ఒక్క నెలలే కావాలంటే అలాగే రాయాలి. పద్దెనిమిది అని రాసి ఇరవై ఒకటి రాబట్టుకోవడం సరికాదని, అటువైపు కూర్చున్న రోజుల్లో కూడా నేను అనేవాణ్ణి.

వాళ్లే తీసేస్తే?

లెటర్లో "ఏ కారణం చేతనైనా ఉద్యోగం ముగిస్తే" అని ఉంది. ఆ మాట ప్రకారం ప్రాజెక్టు ఆగిపోయి కంపెనీ తీసేసినా ఆమే కట్టాలి. ఇది మారి తీరాలి. తానుగా రాజీనామా చేసినా, విచారణలో రుజువైన తప్పు మీద తొలగించినా మాత్రమే వాపసు ఉండాలి. లేఆఫ్, మరణం, పనిచేయలేని అనారోగ్యం దీంట్లోకి రాకూడదు. 26 వారాల ప్రసూతి సెలవు కూడా ఆ 18 నెలల్లో కలుస్తుందని ఒక్క లైను రాయించుకోమన్నాను.

అసలు ఈ షరతు కోర్టులో నిలుస్తుందా?

చాలావరకు నిలుస్తుంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ప్రకారం ఒకరి వృత్తినో వ్యాపారాన్నో అడ్డుకునే ఒప్పందం చెల్లదు కాబట్టి బాండ్లేవీ చెల్లవని చాలామంది అనుకుంటారు. విజయా బ్యాంకు కేసులో 2025 మే 14న సుప్రీంకోర్టు అలా అనలేదు. మూడేళ్లలోపు మానేస్తే రెండు లక్షలు కట్టాలన్న షరతును సమర్థించింది. ఉద్యోగంలో ఉన్నకాలానికి పెట్టిన షరతు, మానేశాక మరో చోట పనిచేయకుండా ఆపేది కాదని చెప్పింది. అయితే 74వ సెక్షన్ ప్రకారం ఒప్పందం తప్పినందుకు రాసుకున్న మొత్తంలో న్యాయమైన పరిహారమే వస్తుంది, మొత్తమంతా దానంతట అదే రాదు. తీసుకున్న డబ్బు తిరిగి ఇమ్మనడం కంపెనీకి తేలిక. దానిపైన రెట్టింపు జరిమానా, భారీ వడ్డీ వేస్తే నిలబెట్టుకోవడం కష్టం.

కోర్టుదాకా వెళ్లేవాళ్లు అరుదు. ఫుల్ అండ్ ఫైనల్ లెక్కలో చివరి జీతం, సెలవుల డబ్బు కోసుకుంటారు. చాలకపోతే రిలీవింగ్ లెటర్ ఆపుతారు. కొత్త కంపెనీ ఆ లెటర్ అడుగుతుంది కాబట్టి అప్పు చేసైనా కడతారు. అందుకే ఎన్ని రోజుల్లో, ఎన్ని వాయిదాల్లో కట్టాలో ముందే రాసుకోవాలి.

ఆమె ఆ రాత్రే హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టింది. గొడవ పడినట్టు కాకుండా నాలుగు మార్పులు అడిగింది: ప్రో-రేటా, చేతికి అందిన మొత్తం, నోటీసు మాట తొలగింపు, లేఆఫ్‌కు మినహాయింపు. సంతకానికి ఇంకో మూడు రోజులు గడువిచ్చారు. రెండో మార్పు తప్ప మిగతావి ఒప్పుకున్నారు. పన్నుకు ముందున్న మొత్తమే తమ పద్ధతి, మార్చలేమన్నారు.

అప్పుడు వేరే దారి అడగమన్నాను. ముందే తీసుకున్న డబ్బుకే వాపసు బాధ. కాబట్టి తక్కువ ముందు, ఎక్కువ చివర. రెండు లక్షలు ఫిబ్రవరిలో, నాలుగు లక్షలు చివర్లో ఇస్తామన్నారు. ఇప్పుడు పదిహేనో నెలలో వెళ్లినా ముందు తీసుకున్నదాంట్లో ఆరో వంతు, 33,333 మాత్రమే కట్టాలి. చివరి నాలుగు లక్షలు రావు, అయితే రాని డబ్బుకు పన్నూ లేదు, వాపసూ లేదు.

ఇలా మార్చుకుంటే అనుమానం అటువైపు తిరుగుతుంది. వాళ్లు ఇస్తారా? కొత్త లెటర్లో మొదట "ప్రాజెక్టు విజయవంతంగా పూర్తయ్యాక, యాజమాన్యం విచక్షణ మేరకు" అని వచ్చింది. ప్రాజెక్టులు జరుగుతూనే ఉంటాయి. విజయవంతమో కాదో చెప్పేది వాళ్లే. అందుకని మళ్లీ పంపితే చివరికి ఈ వాక్యం వచ్చింది, ఎవరికైనా పనికొస్తుంది: "ప్రాజెక్టు పూర్తయిన నెల జీతంతో గానీ, 30 సెప్టెంబర్ 2027న గానీ, ఏది ముందైతే అప్పుడు నాలుగు లక్షలు చెల్లిస్తాం. ఉద్యోగి తప్పు లేకుండా కంపెనీయే ఉద్యోగం ముగిస్తే, పనిచేసిన నెలల లెక్కన ఈ మొత్తాన్ని చివరి జీతంతో చెల్లిస్తాం."

గురువారం సంతకం పెట్టింది. ఇద్దరి సంతకాలూ ఉన్న కాపీని, హెచ్‌ఆర్‌తో నడిచిన మెయిళ్లను, అనుమతి అడిగి సొంత మెయిల్‌కు పంపుకోమన్నాను. చివరి పనిదినం సాయంత్రం ఆఫీసు లాగిన్ ఆగిపోతుంది. ఆ తర్వాత చూపించడానికి మీ చేతిలో ఉండేది ఆ కాపీ ఒక్కటే.