పుదుచ్చేరిలో ఒకే విద్యార్థికి రెండు కేటగిరీలు: ప్రవేశ దరఖాస్తులో తప్పులు దొర్లే చోట్లు

పుదుచ్చేరి పట్టణంలో ఉన్నత విద్య కోరే విద్యార్థి సాధారణంగా రెండు దరఖాస్తులు నింపుతాడు. ప్రభుత్వ కళాశాలల సీట్లను కేంద్రపాలిత ప్రాంతానికి చెందిన సెంటాక్ భర్తీ చేస్తుంది. కాలాపేటలోని పాండిచ్చేరి విశ్వవిద్యాలయం కేంద్రీయ సంస్థ కాబట్టి అక్కడి డిగ్రీ ప్రవేశాలకు జాతీయ స్థాయి సీయూఈటీ పరీక్ష ఆధారం. ఈ రెండింటిలోనూ కేటగిరీ గడి ఉంటుంది. అయితే ఆ గడి అడిగే ప్రశ్న రెండు చోట్లా ఒకటి కాదు.

ఒక ఉదాహరణ చూద్దాం. యానాం నుంచి వచ్చిన తెలుగు విద్యార్థిని చేతిలో అత్యంత వెనుకబడిన తరగతి, అంటే ఎంబీసీ ధ్రువపత్రం ఉంది. సెంటాక్ దరఖాస్తులో ఆమె ఎంబీసీ అనే ఎంచుకోవాలి. యానాం ప్రాంతీయ కోటాకు అర్హత చూపేందుకు నివాస ధ్రువపత్రం కూడా జతచేయాలి. కేంద్రీయ విశ్వవిద్యాలయ దరఖాస్తులో మాత్రం ఎంబీసీ అనే కేటగిరీయే ఉండదు. తన కులం పుదుచ్చేరికి సంబంధించిన కేంద్ర ఓబీసీ జాబితాలో ఉంటేనే ఆమె OBC-NCL ఎంచుకోగలదు. స్థానిక జాబితాలో ఉన్న ప్రతి కులమూ కేంద్ర జాబితాలో ఉంటుందని అనుకోరాదు.

కులం రెండు జాబితాల్లోనూ ఉన్నా, ఒకే ధ్రువపత్రం రెండు చోట్లా చెల్లదు. కేంద్ర సంస్థలకు ఇచ్చే పత్రంలో అభ్యర్థి క్రీమీలేయర్‌కు చెందరని, అందుకు ఆధారం 1993 సెప్టెంబరు 8 నాటి కేంద్ర ఉత్తర్వు అని రాసి ఉంటుంది. ఆ వాక్యం కనిపించకపోతే అది స్థానిక పత్రమని గుర్తించవచ్చు. సాధారణంగా ఆ ఏడాది ఏప్రిల్ 1 తరువాత జారీ అయిన పత్రాన్నే కోరుతారు. క్రీమీలేయర్ లెక్కలో 8 లక్షల రూపాయల పరిమితిని చూసేటప్పుడు తల్లిదండ్రుల జీతాన్నీ, వ్యవసాయ ఆదాయాన్నీ కలపరు. వారి ఉద్యోగ హోదాను విడిగా పరిశీలిస్తారు. జీతం ఎక్కువని తమకు తామే అనర్హులమనుకుని జనరల్ ఎంచుకున్నవారు, తరువాత కేటగిరీ మార్చమని కోరితే అవకాశం దొరకడం కష్టం. ఓబీసీ జాబితాలో ఉండి క్రీమీలేయర్‌లోకి వచ్చినవారు ఈడబ్ల్యూఎస్ కోరడం మరో పొరపాటు. ఆ కోటా ఇతర రిజర్వేషన్ల పరిధిలోకి రానివారికే.

ఇక చదువులో విరామం సంగతి. పైన చెప్పిన విద్యార్థిని 2024లో ఇంటర్మీడియట్ పూర్తిచేసి, 2025లో దరఖాస్తు చేసిందనుకుందాం. ఆ ఏడాది ఇంట్లోనే ఉండి పరీక్షకు సిద్ధమై ఉంటే, ఏ నెల నుంచి ఏ నెల వరకు ఖాళీగా ఉన్నదీ, ఆ కాలంలో ఏ కళాశాలలోనూ చేరలేదనీ ప్రకటన ఇస్తే చాలు. సంస్థ కోరితే దానిని నోటరీ చేయించాలి. కాకినాడలో ఒక కోర్సులో చేరి రెండు నెలలకే మానేసి ఉంటే మాత్రం అది విరామం కాదు, ప్రవేశం రద్దు. అప్పుడు ఆ కళాశాల ఇచ్చిన టీసీనే చూపాలి. ఇంటర్మీడియట్ టీసీ పాత నకలు పెట్టి, ఎక్కడా చేరలేదని రాస్తే, అసలు పత్రాల పరిశీలన రోజున అది బయటపడుతుంది. విద్యార్థుల అసలు పత్రాలను సంస్థలు అట్టిపెట్టుకోరాదని యూజీసీ 2018లోనే స్పష్టం చేసింది కనుక, పాత కళాశాల నుంచి వాటిని అడిగి తీసుకోవచ్చు.

పత్రాలను అప్‌లోడ్ చేసే ముందు పదో తరగతి మార్కుల జాబితాను ఎదురుగా ఉంచుకోవాలి. పేరు, పుట్టిన తేదీలకు అదే ఆధారం. దాని తరువాత ఇంటర్మీడియట్ మార్కుల జాబితా, టీసీ, నివాస పత్రం, కేటగిరీ పత్రం, చివరగా విరామ ప్రకటన అనే వరుసలో పెట్టుకుని, ఒక్కొక్కదానిలోని పేరును మొదటి పత్రంతో సరిపోల్చాలి. తెలుగు విద్యార్థులకు ఇక్కడే చిక్కు వస్తుంది. పదో తరగతి పత్రంలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది. తమిళ పద్ధతిలో రాసిన కుల ధ్రువపత్రంలో తండ్రి పేరులోని తొలి అక్షరం మాత్రమే ఉండవచ్చు. దరఖాస్తులో పదో తరగతి పత్రంలోని పేరే రాసి, కుల పత్రాన్ని రెవెన్యూ కార్యాలయంలో ముందే సరిచేయించుకోవడం మేలు.

స్థానిక, కేంద్ర ధ్రువపత్రాల ఫైళ్లకు వేర్వేరు పేర్లు పెట్టుకోవాలి. ప్రతి గడిలో అప్‌లోడ్ అయిన ఫైలును తెరిచి, ముద్ర, సంతకం, తేదీ స్పష్టంగా కనిపిస్తున్నాయో లేదో చూశాకే దరఖాస్తు సమర్పించాలి. ఒక పత్రం స్థానంలో మరొకటి చేరితే రిజర్వేషన్ కోరిక తిరస్కరణకు గురవుతుంది. అప్పుడు జనరల్ కోటాలో సీటుకు సరిపడా మార్కులు లేని విద్యార్థి, అర్హత ఉండి కూడా సీటు కోల్పోతాడు.