జ్వరం వచ్చింది, రేపే టెక్నికల్ రౌండ్: రిక్రూటర్‌కి మెయిల్ ఎలా రాయాలి?

ఈరోజు ఫిల్మ్ నగర్ ఉదాహరణ తీసుకుందాం. అక్కడ ఒక వీఎఫ్ఎక్స్ స్టూడియోలో ఒకమ్మాయికి కంపోజిటర్ ఉద్యోగం కోసం 12వ తేదీ గురువారం ఉదయం 11కి టెక్నికల్ రౌండ్ ఉందనుకోండి. గ్రీన్ మ్యాట్ ముందు తీసిన షాట్ ఇస్తారు. న్యూక్‌లో ఆ ఆకుపచ్చ తీసేసి కొత్త బ్యాక్‌గ్రౌండ్ కలపాలి. బుధవారం సాయంత్రానికి ఆమెకి 102 జ్వరం.

మెయిల్ వెళ్లేది రిక్రూటర్‌కే. కానీ టైమ్ మార్చడం ఆయన ఒక్కరి చేతిలో ఉండదు. టెస్ట్ చూసే సూపర్‌వైజర్ ఖాళీగా ఉండాలి, లైసెన్స్ ఉన్న సిస్టమ్ కూడా దొరకాలి. అందుకే రిక్రూటర్ మన మెయిల్‌ని సూపర్‌వైజర్‌కి ఫార్వర్డ్ చేసే అవకాశం ఎక్కువ. పాత మెయిల్స్ చదవకుండానే ఆయనకి విషయం అర్థం కావాలి.

ఇంటర్వ్యూ వివరాలు వచ్చిన మెయిల్‌కే రిప్లై ఇవ్వండి. సబ్జెక్ట్ మార్చకండి, మారిస్తే జీమెయిల్‌లో అది వేరే మెయిల్‌గా విడిపోతుంది. మన అమ్మాయి ఇలా రాస్తుంది, ఇంగ్లీష్‌లో రాసినా వరస ఇదే:

"నమస్తే సర్. 12వ తేదీ గురువారం ఉదయం 11 గంటల కంపోజిటింగ్ టెస్ట్‌ని వేరే రోజుకి మార్చగలరా? ఈరోజు నుంచి జ్వరంగా ఉంది, రేపు రాలేను. 16 సోమవారం ఉదయం 10 నుంచి 1 లోపు, 17 మంగళవారం మధ్యాహ్నం 3 తర్వాత, 18 బుధవారం రోజంతా రాగలను. సూపర్‌వైజర్ గారి సమయం మారుతున్నందుకు క్షమించండి." కింద పేరు, ఏ పోస్టో, ఫోన్ నంబర్.

శుక్రవారం ఎందుకు అడగలేదో గమనించారా? 102 జ్వరం ఒక్కరోజులో తగ్గుతుందని నమ్మకం లేదు. మొహమాటపడి "ఎల్లుండి వస్తాను" అని రాసి మళ్లీ మార్చమంటేనే అసలు చిరాకు. మొదటిసారి ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఇక డాక్టర్ చీటీ, థర్మామీటర్ ఫొటో వాళ్లు అడగకుండా పెట్టక్కర్లేదు.

జ్వరం కాదు, ఇప్పుడు చేస్తున్న స్టూడియోలో అర్జెంట్ డెలివరీ పడిందనుకోండి. "ఆఫీసులో ముందే ఒప్పుకున్న డెలివరీ ఉంది" అంటే చాలు. సినిమా పేరు, హీరో పేరు రాయొద్దు. ఇక్కడి సినిమా బయటికి చెప్పేవాళ్లు రేపు మా సినిమా కూడా చెప్తారేమో అని అవతలివాళ్లకి అనుమానం వస్తుంది. పని ఉన్నప్పుడు జ్వరం అని మాత్రం రాయకండి. జూబ్లీహిల్స్, ఫిల్మ్ నగర్‌లో ఈ స్టూడియోలవాళ్లు ఒకరికొకరు తెలిసినవాళ్లే, టీ దగ్గర మాటల్లో బయటపడిపోతుంది.

ఇంకోటి, క్యాలెండర్ ఇన్వైట్‌లో ముందే No నొక్కకండి. కారణం చేరకముందే "రావట్లేదు" అన్న నోటిఫికేషన్ వెళ్లిపోతుంది. మెయిల్ పంపాక, టెస్ట్‌కి ఒక రోజు కూడా లేదు కాబట్టి, ఒక కాల్ చేసి "మెయిల్ పెట్టాను సర్, చూడండి" అని చెప్పండి. కొత్త టైమ్ వస్తే ఆ తేదీ, గంట రాసి అదే మెయిల్‌లో ఓకే చెప్పండి.