‘జాయిన్ అవ్వండి’ అంటే ఎవరు అవ్వాలి?

జూన్ మొదటి వారం. ఒకప్పుడు మీకు టెన్త్ ట్యూషన్ చెప్పిన సారు తన ఫోన్ మీ చేతిలో పెట్టి, ‘అరేయ్, అడ్మిషన్ల కోసం స్టేటస్‌ల ఏదన్న మంచిగ రాసి పెట్టు’ అంటాడు. చిన్న టౌన్లలో ట్యూషన్ సెంటర్ల ప్రచారం చాలావరకు ఇట్లనే నడుస్తుంది. ఏజెన్సీ ఉండదు, బడ్జెట్ ఉండదు. డిగ్రీ చదివే పాత స్టూడెంటే కాపీరైటర్, డిజైనర్, అన్నీ.

హైదరాబాద్-విజయవాడ హైవే మీద చౌటుప్పల్ దాటాక వచ్చే చిట్యాలలో అలాంటి సెంటర్ ఒకటి ఉందనుకుందాం. మొత్తం 40 మంది పిల్లలు. టెన్త్ అయిపోయి 16 మంది వెళ్లిపోయారు. జూన్ నెలాఖరుకు కొత్తగా ఓ పదిహేను మంది రాకపోతే గది అద్దెకే కష్టం. ఇప్పుడు ఫోన్ మీ చేతిలో ఉంది. ఏం రాస్తారు?

చాలామంది చేతికి వెంటనే వచ్చేది ఇది: ‘అడ్మిషన్స్ ఓపెన్! బెస్ట్ ఫ్యాకల్టీ, ఇండివిడ్యువల్ అటెన్షన్, 100% రిజల్ట్స్. లిమిటెడ్ సీట్స్. హర్రీ అప్, జాయిన్ అవ్వండి!’

చూడ్డానికి బాగానే ఉంది. రంగురంగుల టెంప్లేట్‌లో పెడితే ఇంకా బాగుంటుంది. కానీ దీన్ని చదవాల్సింది మీ ఇన్‌స్టా ఫ్రెండ్స్ కాదు, పిల్లల అమ్మానాన్నలు. హైవే పక్క కంపెనీలో షిఫ్ట్ డ్యూటీ దిగి వచ్చిన నాన్న, తొలకరి పడిందని పొద్దంతా పత్తి గింజలు పెట్టి వచ్చిన అమ్మ. రాత్రి ఎనిమిది దాటాక ఫోన్ పట్టుకుని స్టేటస్‌లు జరుపుతుంటే ఇది కనిపిస్తుంది. ‘అడ్మిషన్స్ ఓపెన్’ వరకు అర్థమైపోతుంది. ‘ఇండివిడ్యువల్ అటెన్షన్’ దగ్గర వేలు పక్కకు జరిగిపోతుంది.

చివర్లో ఉన్న ‘జాయిన్ అవ్వండి’ ఇంకో తప్పు. జాయిన్ అయ్యేది పిల్లలు, చేసేది అమ్మానాన్నలు. ‘అవ్వండి’ అన్నామంటే స్టూడెంట్‌తో మాట్లాడుతున్నట్టే. ‘మీ పిల్లల్ని జాయిన్ చేయండి’ అంటే ఆ మాట ఫీజు కట్టే మనిషికి చేరుతుంది. ఇంగ్లిష్‌లో ‘జాయిన్ నౌ’ అంటే ఇద్దరికీ సరిపోతుంది, తెలుగులో సరిపోదు. మన భాషలో ఇంగ్లిష్ మాట ఏదైనా దాని వెనక తెలుగు క్రియ ఉండాల్సిందే. ఎవరితో మాట్లాడుతున్నామో ఆ క్రియే పట్టిస్తుంది.

ఇంగ్లిష్ వద్దనుకుని పూర్తిగా తెలుగులోకి మారితే? ‘ప్రవేశములు ప్రారంభమైనవి. గణితము, భౌతిక రసాయన శాస్త్రముల యందు ప్రత్యేక శిక్షణ ఇవ్వబడును.’ ఇది తహసీల్దార్ ఆఫీసు గోడ మీది నోటీసులా ఉంది. చిట్యాలలో ఏ తల్లీ ‘మా వాడు గణితములో వెనుకబడినాడు’ అనదు. ‘మా పోరడు మ్యాథ్స్‌ల వీక్ సారూ’ అంటుంది. వీక్, మ్యాథ్స్, ట్యూషన్, ఫీజు, బ్యాచ్, టెస్ట్, మార్కులు... వీటిని జనం ఎప్పుడో తెలుగు చేసేసుకున్నారు. వాటిని తీసేయడం భాషాభిమానం అనిపించుకోవచ్చు గానీ, క్యాప్షన్ పని చేయదు.

అందుకే కొలత ఇది. ఒక ఇంగ్లిష్ మాట పేరెంట్ నోట్లోంచి రోజూ వస్తుందా? వస్తే ఉంచండి. రాకపోతే ఆ మాట బదులు సారు నిజంగా చేసే పని రాయండి. ‘ఇండివిడ్యువల్ అటెన్షన్’ అంటే ఆయన ఏం చేస్తాడు? ఆయన్నే అడగండి. ‘బ్యాచ్‌కు 20 మందినే తీసుకుంటా, రోజూ అందరి నోట్‌బుక్ చూస్తా’ అంటాడు. అయితే అదే రాయాలి: ‘ఒక బ్యాచ్‌లో 20 మందే. రోజూ ప్రతి ఒక్కరి నోట్‌బుక్ సారే చూస్తారు.’ ఫ్యాకల్టీ ‘బెస్ట్’ అని చెప్పేకంటే, మ్యాథ్స్ ఎవరు చెప్తారో, ఎన్నేళ్లుగా చెప్తున్నారో రాస్తే చాలు.

ఇప్పుడు అసలు సరుకు. చిట్యాల లాంటి చోట పేరెంట్ ట్యూషన్‌కు డబ్బులు ఎందుకు పెడతాడు? రాష్ట్రంలో ప్రభుత్వ బడుల్లో 2022-23 నుంచి ఒకటో తరగతి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లిష్ మీడియం పెట్టారు. ఒక పేజీ ఇంగ్లిష్, ఎదురు పేజీ తెలుగు ఉండేలా పుస్తకాలిచ్చారు. ఆ ఏడాది ఎనిమిదిలో ఉన్న బ్యాచ్ 2025లో టెన్త్ రాసింది. ప్రైవేటు స్కూళ్లలో ఎప్పట్నుంచో ఇంగ్లిషే. ఇంట్లో అమ్మానాన్నలు మాత్రం చాలావరకు తెలుగు మీడియంలో చదివినవాళ్లు, కొందరు అసలు బడికే పోనివాళ్లు. హోంవర్క్ తెస్తే చెప్పలేరు. పిల్లవాడేమో పాఠం తెలుగు పేజీలో చదివి అర్థం చేసుకుంటాడు, పరీక్షలో ఇంగ్లిష్‌లో రాయలేక ఆగిపోతాడు. ఆ ఇంట్లో ఉన్న బాధ ఇది. దీనికి సారు దగ్గర జవాబు ఉంటే క్యాప్షన్ మొదటి లైన్ అదే కావాలి:

‘పాఠం తెలుగులో అర్థమయ్యేలా చెప్తాం. ఆన్సర్ ఇంగ్లిష్‌లో రాయిస్తాం.’

రెండు భాషలు కలిసిన క్యాప్షన్‌లో, రెండు భాషల మధ్య నలిగే పిల్లల సంగతే ఉంది. మొదటి లైన్ అనడానికి కారణం కూడా ఉంది. ఇన్‌స్టాలో పొడుగు క్యాప్షన్ పెడితే ముందు ఒకటి రెండు లైన్లే కనిపిస్తాయి, మిగతాది నొక్కితేనే తెరుచుకుంటుంది. ‘అడ్మిషన్స్ ఓపెన్’ అనే మాటకు ఆ చోటు ఖర్చుపెట్టొద్దు. జూన్‌లో అడ్మిషన్లు ఓపెన్ అని అందరికీ తెలుసు.

‘మీ బిడ్డ భవిష్యత్తు మా బాధ్యత’ అనే లైన్ టెంప్లేట్లలో తెగ తిరుగుతుంటుంది. కోస్తావైపు బిడ్డ అంటే పిల్లలెవరైనా. మన దిక్కు పెద్దవాళ్ల నోట బిడ్డ అంటే ఎక్కువగా కూతురు. ‘ఒక కొడుకు, ఒక బిడ్డ’ అని కదా చెప్పుకుంటారు. కొడుకున్న తల్లి ఆ లైన్ చూసి ఇదేదో ఆడపిల్లల ట్యూషన్ అనుకునే వీలుంది. ‘మీ పిల్లలు’ అంటే గొడవ లేదు. పైగా భవిష్యత్తు మొత్తం మన బాధ్యత అనడం కాస్త పెద్ద మాటే, సారు చెప్పేది మ్యాథ్స్, ఫిజిక్స్ మాత్రమే.

మరి ‘చేస్తాం’ అని రాయాలా, ‘చేస్తం’ అనా? నా మటుకు, సారు మాట్లాడే వీడియోలో ‘చేస్తం’ బ్రహ్మాండంగా ఉంటుంది, ఎందుకంటే ఆయన నిజంగా అట్లనే మాట్లాడతాడు. ఫ్లెక్సీ మీద అచ్చయితే మాత్రం కొందరు పేరెంట్స్ దాన్ని కామెడీ రీల్ అనుకుంటారు. చదువు చెప్పే చోట రాత కొంచెం పద్ధతిగా ఉండాలని వాళ్ల ఆశ. అక్కడ ‘చేస్తాం’ పెట్టండి.

అక్షరాల సంగతి కూడా చూడాలి. తెలుగు మాటల్ని ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టడం మనకు అలవాటు. నలభై ఏళ్ల పేరెంట్ దాన్ని కూడబలుక్కుని చదవాలి. తెలుగు లిపిలో ‘బ్యాచ్’ అని ఉంటే చటుక్కున చదివేస్తారు. అయితే తెలుగు కీబోర్డులో ‘బ్యాచ్’ తర్వాత ‘లో’ కొడితే అది ‘బ్యాచ్లో’ అని లకారం కిందికి దిగి అతుక్కుపోవచ్చు. అలాంటప్పుడు ‘బ్యాచ్ లో’ అని విడిగా రాసినా నష్టం లేదు. ఫ్లెక్సీ షాపులో ఇంకో చిక్కు. అక్కడ చాలామంది అనూ ఫాంట్లలో పనిచేస్తారు, అవి యూనికోడ్ కావు. మీరు వాట్సాప్‌లో పంపిన తెలుగు అందులో అతికిస్తే పిచ్చిగీతలు వస్తాయి, అందుకని వాళ్లు చూసి మళ్లీ టైప్ చేస్తారు. తప్పులు దొర్లేది అప్పుడే. ప్రింట్‌కు ముందు ప్రూఫ్ ఫొటో తెప్పించుకుని, ముఖ్యంగా ఫోన్ నంబర్ అంకె అంకె సరిచూసుకోండి.

ఇక ‘100% రిజల్ట్స్, లిమిటెడ్ సీట్స్’. 2024 నవంబర్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ కోచింగ్ ప్రకటనల మీద మార్గదర్శకాలు ఇచ్చింది. గ్యారంటీ సెలెక్షన్ లాంటి మాటలు, లేని కొరత పుట్టించి తొందరపెట్టడం కుదరదంది. స్టూడెంట్ ఫొటో, పేరు వాడాలంటే అతను పాసయ్యాక రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. అడ్మిషన్ రోజే సంతకం పెట్టించుకుంటే చెల్లదు. ఈ మార్గదర్శకాలు 50 మంది కంటే ఎక్కువ పిల్లలున్న సెంటర్ల కోసం. మన సారు దగ్గర అంతమంది లేరు. కానీ తప్పుదారి పట్టించే ప్రకటనల్ని తప్పుబట్టే 2019 వినియోగదారుల చట్టం చిన్న పెద్ద చూడదు. చట్టం సంగతి పక్కనపెట్టినా, నాలుగు వీధుల ఊళ్లో ఎవరి పిల్లవాడికి ఎన్ని వచ్చాయో అందరికీ తెలుసు. 16 మందిలో ఇద్దరు ఫెయిలైతే ‘16 మంది రాస్తే 14 మంది పాస్’ అని రాసేయడమే నయం. ఇంకోటి, పాత పోస్టర్ లోంచి ‘10 జీపీఏ’ తీసేయండి. టెన్త్‌లో జీపీఏ పద్ధతిని ప్రభుత్వం ఎత్తేసింది, 2025 నుంచి మెమోలో మార్కులు ఇస్తున్నారు.

ఫీజు దాచొద్దు. ‘వివరాలకు కాల్ చేయండి’ అంటే ఎక్కువేమో అని సగం మంది ఫోనే చేయరు. జూన్‌లో చేతిలో ఉన్న డబ్బంతా విత్తనాలు, ఎరువులకు పోతుంది. ఏడాది ఫీజు ఒకేసారి కట్టక్కర్లేదనే ఒక్క మాట వాళ్లకు చాలా పెద్ద కబురు. సారు ఒప్పుకుంటేనే రాయాలనుకోండి.

ఇవన్నీ కలిపితే మన సెంటర్ క్యాప్షన్ ఇట్లా వస్తుంది:

‘పాఠం తెలుగులో అర్థమయ్యేలా చెప్తాం. ఆన్సర్ ఇంగ్లిష్‌లో రాయిస్తాం. 8, 9, టెన్త్ మ్యాథ్స్, ఫిజిక్స్ ట్యూషన్. సాయంత్రం 6 నుంచి 8. బ్యాచ్‌లో 20 మందే. శనివారం టెస్ట్, ఆదివారం మార్కులు మీ వాట్సాప్‌కు. పిల్లలు రాకపోతే ఆ రోజే మీకు ఫోన్ చేస్తాం. ఫీజు నెలకు 600, నెలనెలా కట్టొచ్చు. మీ పిల్లల్ని జాయిన్ చేయండి.’

పంపే ముందు ఒక పరీక్ష. వాళ్ల ఇంటి దగ్గరుండే ఏ అక్కకో చదివి వినిపించి, ‘ఏం అర్థమైంది?’ అని అడగండి. ఆమె తన మాటల్లో తిరిగి చెప్పలేని లైన్ ఏదైనా ఉంటే అది కొట్టేయండి. ఆమె అడిగే మొదటి ప్రశ్నకు జవాబు క్యాప్షన్‌లో లేకపోతే చేర్చండి. ఇక్కడైతే ఆ ప్రశ్న ‘ఎనిమిదింటికి వదిలితే చీకట్ల ఆడపిల్ల ఇంటికెట్ల వస్తది సారూ?’ అని వచ్చే అవకాశం ఎక్కువ. దానికి క్యాప్షన్ రాసే మీ దగ్గర జవాబుండదు. ఫోన్ సారుకు ఇచ్చి, ఆయన టైమింగ్ మారుస్తాడో, ఆడపిల్లల బ్యాచ్‌ను ముందుకు జరుపుతాడో తేల్చమనండి. ఆ తర్వాతే పోస్ట్ చేయండి, రాత్రి ఎనిమిదిన్నరకు.