ప్యాలెట్‌కి అద్దె ఎంత, హమాలీ ఎంత?

మేడ్చల్, శంషాబాద్, పటాన్‌చెరు వైపు వెళ్తే రోడ్డుకు ఇరుపక్కలా పొడవాటి రేకుల షెడ్లు కనిపిస్తాయి. 2017లో జీఎస్టీ వచ్చాక, పన్ను కోసం ప్రతి రాష్ట్రంలో ఒక చిన్న గోడౌన్ పెట్టుకోవాల్సిన అవసరం కంపెనీలకు తగ్గింది. సరుకును కొన్ని పెద్ద షెడ్లలోకి చేర్చడం మొదలైంది. సొంత షెడ్ లేనివాళ్లు వేరేవాళ్ల గోడౌన్‌లో సరుకు పెట్టుకుని నెలనెలా డబ్బు కడతారు. అలాంటి కంపెనీ మేనేజర్ వచ్చి ముందు అడిగే మాట ఒకటే: "ప్యాలెట్‌కి ఎంత తీసుకుంటారు?"

ప్యాలెట్ అంటే అడుగున ఫోర్కులు దూరేలా ఖాళీ వదిలి చేసిన చెక్క లేదా ప్లాస్టిక్ బల్ల. మన దగ్గర ఎక్కువగా వాడేది 1200 మిల్లీమీటర్ల పొడవు, 1000 మిల్లీమీటర్ల వెడల్పు ఉన్నది. దాని మీద అట్టపెట్టెలు పేర్చి, చుట్టూ ప్లాస్టిక్ ఫిల్మ్ బిగించి, ర్యాక్‌లో ఒక అరలో పెడతారు. ఇలా ఒక ప్యాలెట్‌ను ఉంచడానికి, దించి ఎక్కించడానికి గోడౌన్ యజమానికి ఎంత పడుతుందో తేల్చడం పైకి చిన్న భాగహారమే. చాలా గోడౌన్లు నష్టపోయేది దేన్ని దేనితో భాగించాలో తప్పుగా ఎంచుకోవడం వల్ల.

లెక్క కోసం 50,000 చదరపు అడుగుల షెడ్ ఒకటి ఉందనుకుందాం. అంకెలన్నీ ఉదాహరణకు తీసుకున్నవే, ఊరిని బట్టి మారతాయి. చదరపు అడుగుకు నెలకు 22 రూపాయల చొప్పున అద్దె 11 లక్షలు. సెక్యూరిటీ, దీపాల కరెంటు, బీమా, నిర్వహణ కలిపి 2.75 లక్షలు. ట్రక్కులు ఆగే చోటికి, సరుకు సర్దుకునే చోటికి దాదాపు నాలుగో వంతు నేల పోగా, మిగిలిన దానిలో ఐదు అంతస్తుల ర్యాకులు వేస్తే సుమారు 4,000 ప్యాలెట్లకు చోటు వస్తుంది. చోటుకు 2,500 రూపాయల చొప్పున ర్యాకులకు కోటి రూపాయలు. వడ్డీతో కలిపి పదేళ్లకు సర్దితే నెలకు 1.25 లక్షలు. అంటే స్థలానికి అయ్యే ఖర్చు మొత్తం నెలకు 15 లక్షలు.

పదిహేను లక్షలను 4,000తో భాగిస్తే 375 రూపాయలు. చాలామంది ఈ అంకె మీద కొంత లాభం వేసుకుని కొటేషన్ ఇచ్చేస్తారు. కానీ ఏ గోడౌనూ నూటికి నూరు పాళ్లు నిండి నడవదు. నిండిన చోట కొత్త ప్యాలెట్ పెట్టాలంటే ముందు పాతదాన్ని జరపాలి, పని నెమ్మదిస్తుంది. సాఫీగా నడవాలంటే 85 శాతం దగ్గర ఆగడం మంచిదని ఈ పనిలో ఉన్నవాళ్లు అంటారు. అప్పుడు లోపల ఉండేవి 3,400 ప్యాలెట్లు, ఒక్కోదానికి నెలకు 441 రూపాయలు. పెద్ద ఖాతాదారు ఒకరు వెళ్లిపోయి 2,400కు పడిపోతే అదే ప్యాలెట్‌కు 625. అద్దె ఒక్క రూపాయి కూడా పెరగలేదు, ప్యాలెట్ ఖర్చు మాత్రం 184 పెరిగింది. కాబట్టి ధర కట్టాల్సింది ర్యాకులో ఎన్ని చోట్లున్నాయో చూసి కాదు, ఏడాది పొడవునా సగటున ఎన్ని నిండి ఉంటాయో చూసి.

నిండిన చోట్లలోనూ ఒక మోసం దాగి ఉంటుంది. కంప్యూటర్‌లో 85 శాతం నిండినట్టే కనిపిస్తుంది. సాయంత్రం పని తగ్గాక ర్యాకుల మధ్య నడుచుకుంటూ వెళ్లి తలెత్తి చూస్తే, ఐదడుగుల ఎత్తు సరుకు పట్టే అరలో రెండే వరసల పెట్టెలున్న ప్యాలెట్ కూర్చుని ఉంటుంది. పక్క అరలోనూ అదే సరుకు, అదే బ్యాచ్, ఇంకో సగం ప్యాలెట్. రెండూ కలిపితే ఒక అర ఖాళీ అవుతుంది. అలా కలిపే మనిషిని పెట్టకపోతే ఆ ఖాళీ గాలికి కూడా నెలకు 441 రూపాయలు పడుతూనే ఉంటుంది.

ఇక ఎత్తి దించే ఖర్చు. రీచ్ ట్రక్కులు రెండు, ఒక్కోదానికి నెలకు 60,000 అద్దె. బ్యాటరీతో నడిచే చిన్న ప్యాలెట్ ట్రక్కులు రెండు, ఒక్కోటి 15,000. చార్జింగ్, ఫిల్మ్, చిల్లర రిపేర్లు 30,000. యంత్రాల వైపు మొత్తం 1.8 లక్షలు. మనుషుల్లో ఆపరేటర్లు నలుగురు, ఒక్కొక్కరికి పీఎఫ్, ఈఎస్ఐ కలిపి కంపెనీకి పడేది 25,000. హమాలీలు పది మంది, తలా 20,000. సూపర్‌వైజర్లు, లెక్కలు రాసేవాళ్లు కలిపి నలుగురు, తలా 30,000. మొత్తం 4.2 లక్షలు. రెండూ కలిపితే ఆరు లక్షలు.

దీన్ని లోపల కూర్చున్న ప్యాలెట్లతో భాగించకూడదు. కదలని ప్యాలెట్ ఎవరి చెమటా ఖర్చు పెట్టదు. నెలకు 3,000 ప్యాలెట్లు లోపలికొచ్చి, 3,000 బయటికి వెళ్తే 6,000 కదలికలు. ఒక్కో కదలికకు 100 రూపాయలు. వచ్చిన ప్రతి ప్యాలెటూ ఎప్పుడో ఒకప్పుడు వెళ్లాలి కాబట్టి రాకపోకలు కలిపి 200. అమ్మకాలు మందగించి కదలికలు 4,000కు దిగితే ఒక్కోదానికి 150 అవుతుంది, ఎందుకంటే ఆపరేటర్ జీతమూ, ట్రక్కు అద్దే మారవు.

ఆ వంద రూపాయల సగటు వెనక ఏముందో చూడాలంటే ట్రక్కు తలుపు దగ్గరే నిలబడాలి. మన దగ్గర చాలా లారీల్లో సరుకు ప్యాలెట్ల మీద రాదు. పెట్టెలను లారీ నేల నుంచి పైకప్పు దాకా పేర్చి పంపుతారు, ఎక్కువ సరుకు పడుతుందని. పదహారు ప్యాలెట్లకు సరిపడా అట్టపెట్టెలతో అలాంటి లారీ వచ్చిందనుకుందాం. నలుగురు హమాలీలు మూడు గంటలు దించుతారు. ఒక్కో పెట్టె చేతుల మీదుగా వచ్చి ప్యాలెట్ మీద కూర్చుంటుంది, నలిగిన వాటిని పక్కన పెడతారు, ఒకరు లెక్క చూస్తారు. నెలకు 208 గంటల పని అనుకుంటే హమాలీ గంట ఖర్చు 96 రూపాయలు. పన్నెండు గంటల పనికి 1,152. ప్యాలెట్‌కు 72 రూపాయలు.

అదే సరుకు ప్యాలెట్ల మీదే వస్తే? ఒక ఆపరేటర్, ఒక సహాయకుడు నలభై నిమిషాల్లో ఖాళీ చేసేస్తారు. ఇద్దరి కూలీ కలిపి 144 రూపాయలు, ప్యాలెట్‌కు తొమ్మిది. ఒకే గోడౌన్‌లో, ఒకే ప్యాలెట్‌కు, దించడం ఒక్కదానికే ఎనిమిది రెట్ల తేడా. అందుకే అనుభవమున్న గోడౌన్ యజమాని ఒప్పందంలో విడి సరుకు దింపుడుకు ఒక రేటు, ప్యాలెట్ దింపుడుకు మరో రేటు రాసుకుంటాడు. అలా రాయనివాడి దగ్గరికి విడి సరుకు లారీలే వస్తాయి.

ఇప్పుడు అసలు తప్పు దగ్గరికి వద్దాం. స్థలం 15 లక్షలు, ఎత్తుడు దించుడు ఆరు లక్షలు, మొత్తం 21 లక్షలు. 3,400తో భాగిస్తే ప్యాలెట్‌కు నెలకు 618 రూపాయలు. "అన్నీ కలిపి ఒకే రేటు" అంటే ఖాతాదారుకు వినడానికి హాయిగా ఉంటుంది, బిల్లు రాయడమూ తేలిక.

ఒక బిస్కెట్ల పంపిణీదారు సరుకు పది రోజుల్లో వెళ్లిపోతుంది. అతని ప్యాలెట్‌కు నిజంగా పడేది పది రోజుల స్థలం 147, రాకపోకలు 200, వెరసి 347. ఒకే రేటు ప్రకారం పది రోజులకు అతను కట్టేది 206. ప్రతి ప్యాలెట్ మీదా 141 రూపాయల నష్టం. మరో కంపెనీ యంత్రాల విడిభాగాలు మూడు నెలలు కదలకుండా ఉంటాయి. వాటికి పడేది 1,323కు 200 కలిపి 1,523. కట్టేది మాత్రం 1,854. విడిభాగాలవాళ్లు ఏదో ఒక రోజు పక్క గోడౌన్‌లో రేటు కనుక్కుని వెళ్లిపోతారు. బిస్కెట్లవాళ్లు తమలాంటివాళ్లను ఇంకో నలుగురిని వెంటబెట్టుకొస్తారు. గేటు దగ్గర లారీలు బారులు తీరి ఉంటాయి, రాత్రి దాకా పని నడుస్తుంది, నెలాఖరుకు మాత్రం నష్టం. పని పెరిగేకొద్దీ లాభం తగ్గుతుంటే ముందు అనుమానించాల్సింది ఈ కలగలుపు రేటునే.

మన మార్కెట్ యార్డులకు ఈ తేడా ఎప్పటినుంచో తెలుసు. గోడౌన్ అద్దె ఒక పద్దు, హమాలీ మరో పద్దు. కొత్త తరహా షెడ్లలో ప్యాలెట్ లెక్క వచ్చాకే రెండూ ఒకదానిలో ఒకటి కలిసిపోవడం ఎక్కువైంది.

రెండు పద్దులూ వేరంటే ఒకదానితో ఒకటి సంబంధం లేదని కాదు. యంత్రం ఎంపికలో ఆ సంబంధం బాగా కనిపిస్తుంది. సాధారణ ఫోర్క్‌లిఫ్ట్ వెనక బరువు పెట్టుకుని ముందు సరుకు ఎత్తుతుంది. అది తిరగడానికి ర్యాకుల మధ్య పన్నెండడుగుల దారి వదలాలి. రీచ్ ట్రక్‌లో ఫోర్కులు ముందుకు చాచుకుని మళ్లీ వెనక్కి వస్తాయి కాబట్టి తొమ్మిదడుగులు చాలు, పైగా ఇంకా ఎత్తుకు అందుతుంది. ఫోర్క్‌లిఫ్ట్ నెలకు 30,000కే దొరుకుతుంది కదా అని రెండూ అవే తీసుకుంటే నెలకు 60,000 మిగులుతుంది. ఆరు వేల కదలికల మీద కదలికకు పది, ప్యాలెట్‌కు ఇరవై రూపాయల ఆదా.

అయితే దారులు వెడల్పయ్యాయి, ఐదో అంతస్తు పోయింది. నాలుగు వేల చోట్ల బదులు అదే షెడ్‌లో సుమారు 2,700 మాత్రమే పడతాయి. ర్యాకుల ఖర్చు కాస్త తగ్గినా, 85 శాతం నిండిందనుకున్నా ప్యాలెట్ స్థలం ఖర్చు 441 నుంచి దాదాపు 636కు చేరుతుంది. ఇరవై మిగుల్చుకోబోయి 195 పోగొట్టుకున్నట్టు. యంత్రాల బిల్లు మాత్రమే చూసే మేనేజర్‌కు ఈ నష్టం కనపడదు, అది అద్దె పద్దులో ఉంటుంది. చదరపు అడుగు అద్దె చాలా తక్కువగా ఉండే ఊళ్లో, సరుకు వేగంగా తిరిగే చోట మాత్రం లెక్క తారుమారు కావచ్చు.

ఒప్పందం రాసేటప్పుడు స్థలం పద్దుకు కనీస హామీ అడగడం పరిపాటి. ఖాతాదారు వెయ్యి చోట్లు మాట్లాడుకుంటే, ఎనిమిది వందలే వాడినా ఒప్పుకున్న కనీసానికి డబ్బు కట్టాలి. ఖాళీ చోటు భారం అప్పుడు ఒక్క యజమాని మీదే పడదు. ఏటా రేటు పెంచే షరతు కూడా పద్దుకొకటిగా రాసుకుంటేనే అర్థం ఉంటుంది. షెడ్ అద్దె ఐదు శాతం పెరిగితే నెలకు 55,000, అంటే ప్యాలెట్ నిల్వ మీద 16 రూపాయలు. జీతాలు అదే ఐదు శాతం పెరిగితే 21,000, కదలికకు మూడున్నర రూపాయలు. అద్దె పెరిగేది షెడ్ యజమానితో చేసుకున్న ఒప్పందం ప్రకారం. కూలీ పెరిగేది ప్రభుత్వం కనీస వేతనాల మీద కరువు భత్యం సవరించినప్పుడు. రెండూ ఒకే తేదీకి రావు, అందుకే రెండు పద్దులకూ సవరణ తేదీలు విడివిడిగా రాసుకోవాలి.