గురువు కొత్త వరుస అందుకుంటే వంత ఏం చేయాలి?

భజన మంచి ఊపు మీద ఉన్నప్పుడు ముందు పాడే ఆయన పుస్తకంలో లేని వరుస ఒకటి అందుకుంటాడు. ఊరి దేవుడి పేరో, ఆ ఏటి పంట సంగతో, ఎదురుగా కనిపిస్తున్న అలంకారమో అప్పటికప్పుడు మాటల్లోకి వచ్చేస్తుంది. వినేవాళ్లు పరవశిస్తారు. ఇబ్బంది అంతా వెనక కూర్చున్న వంతవాళ్లదే. కొందరు ఆ మాటలను పట్టుకోబోయి సగంలో ఆగిపోతారు, కొందరు పల్లవిలోకి దూకేస్తారు, తాళాలు కొట్టేవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. మద్దెల మాత్రం తన దారిన తాను పోతుంటుంది. పాట మళ్లీ ఒక గాడిన పడేసరికి కొత్త వరుసలోని అందం కాస్తా చెదిరిపోతుంది.

ఇలా జరిగినప్పుడల్లా వంతవాళ్లకు సంగీతజ్ఞానం చాలదనుకుంటాం. నాకైతే చాలామటుకు లోపం ఒప్పందంలోనే కనిపిస్తుంది. ముందు పాడేవారికి, వెనక పాడేవారికి మధ్య రెండు మూడు సంగతులు ముందే తేలి ఉంటే, స్వరాలు నేర్వని పదిమంది కూడా ఎంతటి కల్పననైనా మోయగలరు.

ఒక పల్లవి తీసుకుని చూద్దాం. వివరించడానికి వీలుగా నేను కట్టుకున్న మాటలివి: ‘చల్లగా మమ్ము చూడు చెన్నకేశవా’. దీన్ని ఆదితాళంలో, అంటే ఎనిమిది దెబ్బల చుట్టులో పాడుతున్నాం. ‘చల్ల’ మొదటి దెబ్బ, ‘గా’ రెండోది, ‘మమ్ము’ మూడు, ‘చూడు’ నాలుగు, ‘చెన్న’ ఐదు, ‘కేశ’ ఆరు, ‘వా’ ఏడు. ఎనిమిదో దెబ్బకు మాట లేదు. అక్కడ అందరూ ఊపిరి తీసుకుంటారు. మాట లేని ఆ ఒక్క దెబ్బను జాగ్రత్తగా కాపాడుకోవాలి. ముందు పాడే ఆయన కొత్త వరుస ఎత్తుకునేది దాని తర్వాతే. వంతవాళ్లు ‘వా’ను లాగి ఎనిమిదో దెబ్బ కూడా నింపేస్తే, ఆయన తొలి మాట ఆ హోరులో మునిగిపోతుంది.

నిమిషానికి ఎనభై దెబ్బల నడకలో పాడుతున్నామనుకుంటే ఒక చుట్టుకు ఆరు సెకన్లు పడుతుంది. వంత పల్లవిని రెండుసార్లు పాడితే పన్నెండు సెకన్లు. కొత్త వరుస తయారయ్యేది ఆ పన్నెండు సెకన్లలోనే! ముందు పాడే ఆయన మాట వెతుక్కోవడం, దాన్ని ఎనిమిది దెబ్బల్లో సర్దుకోవడం, ఊపిరి నింపుకోవడం అన్నీ అప్పుడే జరిగిపోవాలి. వంత ఒకసారి రెండుసార్లు, ఒకసారి ఒక్కసారే పాడుతుంటే ఆయనకు తన వంతు ఎప్పుడొస్తుందో తెలియదు, తొందరలో పొట్టి వరుస వచ్చేస్తుంది. అందుకే మొదటి ఒప్పందం ఇది: పల్లవి ప్రతిసారీ రెండు చుట్లు, ఎక్కువా కాదు, తక్కువా కాదు.

రెండో ఒప్పందం కొత్త వరుసను తిరిగి పాడాలా వద్దా అన్నది. తెలిసిన చరణమైతే వరుస వరుసకూ వంత పలుకుతుంది. అప్పుడే పుట్టిన వరుసను ఒక్కసారి విని పదిమంది ఒకే మాటగా పలకడం జరగని పని. కాబట్టి ఆయన ఒక్కసారే పాడి ముందుకు పోతే వంత నోరు మెదపకూడదు, చేతులు మాత్రం తాళం వేస్తూ ఉండాలి. అదే వరుసను ఆయన రెండోసారి కూడా పాడితే ‘మీరూ అనండి’ అన్నట్టు లెక్క. అప్పుడు మూడో చుట్టులో వంత అందుకోవాలి. అందులోనూ మాట సరిగా వినపడనివాళ్లు ఊరికే ఉండటం మేలు. తప్పు మాట గట్టిగా పలికేవాడు ఒక్కడున్నా పక్కనున్న నలుగురూ అటే పోతారు.

ఇక మనం తీసుకున్న పల్లవి దగ్గరికి వద్దాం. ముందు పాడే ఆయన ‘ఏటి ఒడ్డునున్న మాదు ఊరి పెద్దవై’ అన్నాడు. దెబ్బలు లెక్కపెడితే మాటలు ఏడింటిలో సరిపోయి ఎనిమిదోది ఖాళీగా మిగిలింది. పల్లవి కొలతే. తర్వాత ‘ఎండ కాసి వాన కురిసి పంట పండెనే’ అన్నాడు. అదీ కుదిరింది. మూడోసారి భావం ముందుకు తోసుకొచ్చి ‘నీ చలువ కాదా’ అని ఆపి, వెంటనే ‘చల్లగా’ అంటూ పల్లవిలోకి వచ్చేశాడు. ‘నీ చలువ కాదా’కు పట్టింది నాలుగు దెబ్బలే. అంటే పల్లవి మొదటి మాట చుట్టులో ఐదో దెబ్బ మీద పడింది.

ఇప్పుడు ఏమవుతుందో చూడండి. వంతవాళ్లు మాటను బట్టి పోతారు కాబట్టి పల్లవి సరిగానే పాడతారు. మద్దెల ఆయన లెక్కను బట్టి పోతాడు కాబట్టి ఆయన బరువైన దెబ్బ ‘చల్ల’ మీద కాక ‘చెన్న’ మీద పడుతుంది. తాళాలు కొట్టేవాళ్లలో సగం అటు, సగం ఇటు. శ్రుతి తప్పలేదు, మాట తప్పలేదు, అయినా పాట కుంటుతున్నట్టు వినేవాళ్లకు తెలిసిపోతుంది. నాలుగు దెబ్బలకే చుట్టు పూర్తయ్యే వేగమైన నామభజనల్లో ఇది బయటపడదు. నిదానంగా సాగే ఎనిమిది దెబ్బల పాటలో మాత్రం దాచలేం.

దీనికి తేలికైన విరుగుడు ఉంది. పొట్టి వరుసను రెండుసార్లు పలకడమే. ‘నీ చలువ కాదా, నీ చలువ కాదా’ అంటే నాలుగూ నాలుగూ ఎనిమిది, చుట్టు నిండింది. పైగా రెండోసారి అనడంతో భావానికి బలం కూడా వచ్చింది. సాధన రోజున పెద్ద తాళం పట్టుకున్నాయన ముందు పాడే ఆయనతో ఈ మాట నేరుగా చెప్పేయాలి: ‘‘అన్నా, మూడో వరుస సగం చుట్టే వచ్చింది. అలాంటప్పుడు ఇంకోసారి అను, మేం పట్టుకుంటాం.’’ వయసులో చిన్నవాడైనా తాళం పట్టుకున్నాయనకు ఆ మాట చెప్పే చనువు ఇవ్వాలి. పాటకు గురువు ముందు పాడేవాడైతే, లెక్కకు ఇతనే పెద్ద.

భజన మధ్యలోనే ఆ పొరపాటు జరిగిపోతే? అప్పుడు ఎవరి లెక్క సరైనదన్న పంతం పనికిరాదు. పదిమంది గొంతులు పల్లవి ఎత్తుకున్నాక వాళ్లను ఆపలేం. మద్దెల వాయించే ఇద్దరు ముగ్గురే సర్దుకోవాలి. మద్దెల ఒక్క క్షణం చేయి ఎత్తి, మళ్లీ వచ్చే ‘చల్ల’ మీద బరువైన దెబ్బ వేసి కలుసుకోవాలి. పెద్ద తాళం ఆయన ఆ దెబ్బను మాత్రం విప్పి మోగించి, మిగిలిన ఏడింటినీ అదిమి కొడితే చుట్టు ఎక్కడ మొదలైందో చీకట్లో కూర్చున్నవాడికి కూడా తెలుస్తుంది. అందరూ అన్ని దెబ్బలనూ ఒకే మోతగా కొట్టే బృందాల్లో ఈ గుర్తు ఉండదు, అందుకే వాళ్లు ఒకసారి తప్పితే తేరుకోవడం కష్టం.

పల్లవి ఎప్పుడు తమ చేతికి వస్తుందన్నది వంతవాళ్ల అసలు బెంగ. ముందు పాడే ఆయన కొత్త వరుసలు ముగించి పల్లవిని తానొక్కడే ఒక చుట్టు పాడాలి, ఆ తర్వాతి చుట్టు వంతది. ఇది మూడో ఒప్పందం. ‘చల్లగా’ వినపడగానే దూకితే ఒకరు ‘మమ్ము’ దగ్గర, ఇంకొకరు ‘చెన్న’ దగ్గర తగులుకుంటారు. ఆ చుట్టు అంతా వింటూ, నడక చేతిలోకి తెచ్చుకుని, ఎనిమిదో దెబ్బలో ఊపిరి తీసుకుని కలిసి ఎత్తుకోవాలి. చెవికి ఇంకో గుర్తు కూడా ఉంది. వరుస చివర స్వరం పైన నిలబడి ఉంటే ఆయన దగ్గర ఇంకా మాట మిగిలి ఉందని అర్థం. అది మెట్టు మెట్టుగా దిగి పల్లవి మొదలయ్యే స్వరం దగ్గరికి చేరితే తిరిగి ఇచ్చేస్తున్నాడని అర్థం.

శ్రుతి చెడేది కూడా ఇక్కడే. కొత్త వరుసలు సాధారణంగా పైస్థాయికి ఎక్కుతాయి. ఆయన పై షడ్జమం దగ్గర నిలిచి నాలుగు వరుసలు పాడేసరికి వంతవాళ్ల చెవి అక్కడే ఉండిపోతుంది. దిగి పల్లవి అందుకునేటప్పుడు కొంచెం ఎగువనే ఆగిపోతారు. ఒకటిన్నర శ్రుతిలో మొదలైన పాట హార్మోనియం లేని చోట రెండు శ్రుతి దాకా జరిగిపోవడం ఇలాగే. హార్మోనియం ఉంటే ఆ మనిషి చేయాల్సిన పని ఒకటుంది. తెలియని వరుసను వేళ్లతో వెంబడించకుండా షడ్జమ పంచమాలు పట్టి నిలపాలి. మోహన రాగంలో సాగుతున్న పాటలో గురువు ఆవేశంలో మధ్యమం తాకినా, పెట్టె దాన్ని పలక్కపోతే అది ఒక మెరుపులా వచ్చి పోతుంది, పలికిందా, వంతంతా రాగం మారిందనుకుంటుంది. ఇక గురువు పల్లవిని ఒంటరిగా పాడే చుట్టులో, ఏడు, ఎనిమిది దెబ్బల దగ్గర పల్లవి తొలి స్వరాన్ని కాస్త గట్టిగా వినిపిస్తే వంత సరిగ్గా అక్కడే దిగుతుంది.

కొన్నిసార్లు ఆయన వరుస కాక పద్యం అందుకుంటాడు. పద్యానికి తాళం ఉండదు. అప్పుడు తాళాలు, చిడతలు, మద్దెల పూర్తిగా ఆగిపోవాలి. మెల్లగా టిక్కు టిక్కుమంటూ కొడుతూ ఉంటే పద్యం చచ్చిపోతుంది. శ్రుతి ఒక్కటే మోగాలి. పద్యం అయ్యాక నడక గుర్తుండదు కనుక గురువు ఒంటరిగా పాడే పల్లవే మళ్లీ వేగాన్ని నిర్ణయిస్తుంది. పెద్ద తాళం ఆ చుట్టు మొదటి దెబ్బతో చేరితే, మద్దెల తర్వాతి చుట్టుకు రావచ్చు.

రాయలసీమ చెక్కభజనలో దీనికి అడుగులు కూడా తోడవుతాయి. చెక్కలు వాయిస్తూ, గజ్జెల కాళ్లతో అడుగులు వేసేవాళ్లకు వరుస సగం చుట్టు తగ్గితే అడుగుల వరుస పాటతో కలవకుండా పోతుంది. అందుకే అక్కడి గురువులు కల్పన చేసినా చుట్టు కొలత జోలికి పోరాదు.

ఏడు దెబ్బల మిశ్రచాపులో పాడే కీర్తనల విషయం వేరు. మూడు, నాలుగుగా విరిగే ఆ నడకలో వరుస ఒక్క దెబ్బ తగ్గినా, పెరిగినా, రెండుసార్లు అని సరిపెట్టుకునే వీలు లేదు. అలాంటి పాటలో కల్పన చేయదలచినవారు పల్లవి మాటలనే పట్టుకుని, దేవుడి పేరు ఒక్కటి మార్చి, మిగతాది ఉన్న కొలతలో ఉంచడం క్షేమం. కొత్త మాటలు కావాలంటే వాటిని ముందురోజే చేతి మీద లెక్కపెట్టుకుని రావాలి.

సాధనకు ఒక ఫోను చాలు. పాట మొదట్లో ఒక నిమిషం, చివర్లో ఒక నిమిషం దెబ్బలు లెక్కపెట్టండి. ఎనభైతో మొదలై తొంభై ఆరుకు చేరితే ఆరు సెకన్ల చుట్టు ఐదుకు తగ్గిందన్నమాట, వంతవాళ్లు ఎనిమిదో దెబ్బను మింగేస్తున్నారు. చివరి పల్లవి అయిపోగానే శ్రుతిపెట్టె మోగించి చూడండి, గొంతులు ఎటు జరిగాయో ఆ క్షణంలోనే తెలుస్తుంది. అప్పుడు ఆ పాటనే మళ్లీ ఎత్తుకుని, గురువును మాటలు లేకుండా ‘తానన’ అంటూ ఒకసారి పొట్టి వరుస, ఒకసారి నిండు వరుస పాడమనండి. అర్థం వైపు చెవి పోదు కాబట్టి వంతవాళ్లు లెక్కనే వింటారు, ఎక్కడ నోరు మూయాలో, ఎక్కడ అందుకోవాలో చేతులకే అలవాటవుతుంది.